మెసేజ్‌లతోనే కథ రాయడం ఎలా: మాటలు మానేసిన అక్కచెల్లెళ్లను మళ్లీ కలపడం

పూర్తిగా వాట్సాప్ మెసేజ్‌లతోనే నడిచే కథ రాయాలనుకున్నారు. అందులో ఏళ్ల తరబడి మాటల్లేని ఇద్దరు అక్కచెల్లెళ్లు మెల్లగా దగ్గరవ్వాలి. రాయడం మొదలుపెట్టే ముందు ఒక సంగతి ఖాయం చేసుకోండి. మాటలు మానేసినవాళ్లు ఊరికే మెసేజ్ పెట్టుకోరు. ఏదో పని పడితేనే పెడతారు. కాబట్టి ఈ కథ "పనుంది" అనే మెసేజ్ దగ్గర మొదలై, ఏ పనీ లేని మెసేజ్ దగ్గర ముగియాలి. క్షమించమని అడిగిన రోజు కాదు, పని లేకుండా మెసేజ్ పెట్టిన రోజు వాళ్లు కలిసినట్టు. ఇదొక్కటి గట్టిగా పట్టుకుంటే ఏ మెసేజ్ ఉంచాలో, ఏది తీసేయాలో మీకే తెలుస్తుంది.

ఒక కథను మొదటి నుంచి చివరిదాకా కట్టి చూపిస్తాను. మీ కథలో మనుషులు, ఊళ్లు వేరుగా ఉండొచ్చు. కట్టే పద్ధతి మాత్రం ఇదే.

ముందు గొడవ తేల్చుకోండి

అక్క విజయ. విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటుంది. చెల్లెలు సుధ, హైదరాబాద్ కూకట్‌పల్లిలో. తండ్రి ఎప్పుడో పోయాడు. తల్లి తెనాలిలో సొంతింట్లో ఉండి 2017 చివర్లో పోయింది. ఆఖరి నాలుగేళ్లు విజయే అక్కడ ఉండి చూసుకుంది. 2018లో ఇల్లు అమ్మారు. బేరం విజయే కుదిర్చింది. వారసులిద్దరూ సంతకం పెట్టాలి కాబట్టి సుధ రిజిస్ట్రేషన్ రోజున వచ్చి, వేలిముద్ర వేసి, ఫొటో దిగి, అన్నం కూడా తినకుండా వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆరేళ్లు మాటల్లేవు.

ఇది పైకి కనిపించే గొడవ. దీని కింద ఇంకోటి ఉండాలి, అది చిన్న వస్తువు మీదైతే మంచిది. మన కథలో ఆ వస్తువు తల్లి కుట్టు మిషన్. సుధ దాని మీదే కుట్టడం నేర్చుకుంది. అదేమైందని రిజిస్ట్రేషన్ రోజున అడిగితే, సామానంతా ఇచ్చేశామని విజయ చెప్పింది. అది అబద్ధం. మిషన్ ఆరేళ్లుగా విజయ ఇంట్లోనే ఉంది.

ఇంటి ధర మీద గొడవలో పాఠకుడు తప్పెవరిదో లెక్కలు వేస్తాడు. మిషన్ మీద గొడవలో ఆ లెక్కలు కుదరవు. ఇద్దరూ దాన్ని ఎందుకు కోరుకున్నారో అర్థమవుతుంది కాబట్టి ఎటువైపూ మొగ్గలేడు. అందుకే ధర మాట రెండు మూడు చోట్ల తగిలించి వదిలేయండి. మిషన్‌ను మాత్రం కథ సగానికి వచ్చేదాకా దాచండి.

మొదటి మెసేజ్‌కి తిరుగులేని కారణం కావాలి

చాలామంది ఈ కథను "ఎలా ఉన్నావు?" అని మొదలుపెడతారు. ఆరేళ్ల తర్వాత అలా అడిగేంత చనువు ఉంటే ఇక కథే అక్కర్లేదు. ఇద్దరూ కాదనలేని పని ఒకటి వెతకండి. మన కథలో అది తల్లి బ్యాంకు ఖాతా. రెండేళ్లు ఏ లావాదేవీ లేకపోతే ఖాతా నిలిచిపోతుంది. పదేళ్లు దాటితే అందులో డబ్బు రిజర్వ్ బ్యాంకు నిధికి వెళ్తుంది. ఈ ఖాతాకి నామినీ లేరు. నామినీ లేకపోతే బ్యాంకు వారసులందరి సంతకాలు అడుగుతుంది. లేదా తనకు వాటా వద్దని ఒకరు రాసిస్తే రెండోవాళ్లు తీసుకోవచ్చు.

ఖాతాలో ఎంత ఉందన్నది ముఖ్యం. ఇరవై లక్షలుంటే కథ డబ్బు చుట్టూ తిరుగుతుంది. ఇరవై మూడు వేలు పెట్టండి. ఆ డబ్బు ఇద్దరిలో ఎవరికీ అవసరం లేదు. అయినా విజయ మెసేజ్ పెట్టిందంటే డబ్బు కోసం కాదని పాఠకుడికి తెలుస్తుంది. విజయ మాత్రం ఆ మాట ఒప్పుకోదు.

2024 జూన్ 11, మంగళవారం

> విజయ (ఉదయం 10:42): తెనాలి బ్యాంకు వాళ్లు ఫోన్ చేశారు అమ్మ ఖాతాలో 23400 ఉంది ఇద్దరి సంతకాలు కావాలంట

జూన్ 14, శుక్రవారం

> సుధ (రాత్రి 9:15): ఎవరు?
> విజయ (9:16): విజయ
> సుధ (9:40): నాకు వాటా వద్దు
> సుధ (9:40): వద్దని రాసివ్వొచ్చంట కదా. రాసి పంపిస్తాను
> విజయ (9:41): వద్దు ఇద్దరం పెట్టాలి

ఇందులో అక్కా అన్న పిలుపు లేదు, బాగోగులు లేవు. సుధ జవాబుకి మూడు రోజులు పట్టింది. విజయ మాత్రం రెండుసార్లూ ఒక్క నిమిషంలో బదులిచ్చింది. ఎవరు ఎదురుచూస్తున్నారో ఆ టైములే చెబుతున్నాయి, మీరు మాటల్లో చెప్పనక్కర్లేదు. వాటా వద్దని సుధ రాసిస్తే కథ అక్కడితో అయిపోయేది. విజయ ఆ తలుపు మూయనివ్వలేదు.

"విజయ" అని ఊరుకుంది, "అక్కని" అనలేదు. సుధ కూడా పేరు పెట్టి పిలవకుండా, క్రియల్లో నువ్వు, మీరు తేలకుండా నెట్టుకొస్తుంది. మన ఇళ్లలో అలిగినవాళ్లు మాట్లాడేది ఇలాగే. మొదటి మూడో వంతు కథ మొత్తం సుధ నోట "అక్కా" రానివ్వకండి. మొదటిసారి ఎక్కడ రావాలో ఇప్పుడే గుర్తు పెట్టుకోండి, ఆ చోటు తర్వాత చూపిస్తాను.

ఎవరి ఫోన్‌లో చూస్తున్నాం?

ఇది తేల్చుకోకుండా రాస్తే మధ్యలో తడబడతారు. మన కథ మొత్తం సుధ ఫోన్‌లో కనిపిస్తుందనుకుందాం. అంటే విజయ టైప్ చేసి పంపకుండా చెరిపేసింది మనకు తెలియదు. పంపాక అందరికీ డిలీట్ చేస్తే, అక్కడేదో ఉండి పోయిందన్న గుర్తు మాత్రం మిగులుతుంది. విజయ టైప్ చేస్తున్నట్టు పైన కనిపించే మాట చాట్‌లో నిలవదు. దాన్ని కథలో వాడాలంటే సుధ ఆ క్షణంలో ఫోన్ చూస్తూ ఉండాలి, ఆ సంగతి సుధే చెప్పాలి: "ఇందాకటి నుంచి టైప్ చేస్తూనే ఉన్నావు. చెప్పు." ఇలా ఒక్కసారి వాడితే చాలు.

చాట్ పైన కనిపించే పేరు కూడా సుధ ఫోన్‌లోదే. మొదట అక్కడ ఉత్త నంబర్ ఉంటుంది, ఎందుకంటే విజయ నంబర్ మారింది. కొన్నాళ్లకు "విజయ బెజవాడ" అవుతుంది. చివర్లో "అక్క" అవుతుంది. దీన్ని ఎవరి నోటా చెప్పించొద్దు. తేదీ పక్కన ఆ పేరు మార్చి వదిలేయండి. పట్టించుకున్న పాఠకుడు చూసుకుంటాడు.

ఫోన్ గుర్తుల్లో కాలం తప్పొద్దు. వాట్సాప్‌లో నీలం టిక్కులు 2014 నవంబరులో వచ్చాయి. పంపిన మెసేజ్‌ను అందరికీ డిలీట్ చేయడం 2017లో, దిద్దడం 2023లో వచ్చాయి. దిద్దడానికి పదిహేను నిమిషాలే గడువు. మీ కథ 2012లో జరిగితే అందులో నీలం టిక్కు ఉండకూడదు.

ఇద్దరికీ తెలిసింది ఒకరికొకరు చెప్పుకోకూడదు

ఈ రకం కథలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పాఠకుడికి పాత సంగతి తెలియాలి. తెలిపే మార్గం మెసేజ్ ఒక్కటే. దాంతో ఇలాంటి వాక్యం పుడుతుంది:

> సుధ: 2018లో అమ్మ ఇల్లు అమ్మినప్పుడు నన్ను ఒక్క మాట కూడా అడగకుండా ధర ఖాయం చేశావు కదా

ఆ సంగతి విజయకు తెలుసు. సుధకూ తెలుసు. ఇది పాఠకుడి కోసం పెట్టిన మెసేజ్ అని ఇట్టే పట్టుబడిపోతుంది. ఇదే సంగతిని ఇప్పటి పని లోంచి రానివ్వండి.

జూలై 8, సోమవారం

> విజయ (ఉదయం 11:05): ఆధార్ పాన్ జిరాక్సులు రెండు ఫోటోలు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ నేను తీయించాను
> సుధ (మధ్యాహ్నం 1:30): వేలిముద్రలు కూడా వేయాలా, పోయినసారి లాగా
> విజయ (1:34): ఇది బ్యాంకు రిజిస్ట్రేషన్ ఆఫీసు కాదు
> సుధ (1:50): ఏమో. అప్పుడు కూడా వచ్చాకే కదా అన్నీ తెలిసింది

రిజిస్ట్రేషన్ ఒకటి జరిగిందని, దానికి సుధను చివర్లో పిలిచారని, ఆ మంట ఇంకా ఉందని నాలుగు మెసేజ్‌లలో తెలిసిపోయింది. ఇల్లు, ధర, 2018 అన్న మాటలు లేవు. మిగతాది పాఠకుడు ఊహించుకుంటాడు. ఊహించుకోనివ్వండి, రెండు పేజీల తర్వాత ఆ ఊహ సరైనదేనని తేలితే చాలు.

దీనికి ఒక పరీక్ష ఉంది. ప్రతి మెసేజ్ దగ్గరా ఆగి, ఇది అందుకున్న మనిషికి కొత్త సంగతేనా అని అడగండి. కాకపోతే కొట్టేయండి, లేదా దెప్పిపొడుపుగా మార్చండి. తెలిసిన సంగతిని మనిషి మళ్లీ ఎత్తేది దెప్పడానికే.

పేర్లు తీసేసినా ఎవరిదో తెలియాలి

విజయకు టైప్ చేయడం కష్టం. ఫోన్‌కి చెబితే అది రాస్తుంది. కాబట్టి ఆమె మెసేజ్‌లలో చుక్కలు, కామాలు ఉండవు. రెండు మూడు వాక్యాలు కలిసిపోయి ఒకేసారి వస్తాయి. సుధ ఆఫీసు మనిషి. ఒక వాక్యాన్ని మూడు ముక్కలు చేసి వరసగా పంపుతుంది, చుక్క పెడుతుంది. ఈ రెండు అలవాట్లూ చాలు. దీని పైన యాస, ఎమోజీలు, తప్పు స్పెల్లింగులు అన్నీ పేరిస్తే మనుషులు పోయి వేషాలు మిగులుతాయి.

సుధ లాంటివాళ్లు నిజానికి తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేస్తారు. కథలో అలా అచ్చు వేస్తే చదివేవాళ్లు రెండో పేజీకే అలిసిపోతారు. తెలుగు అక్షరాల్లోనే రాయండి. ముక్కలు చేసే అలవాటు చూసి ఆ టైపింగ్ వేగం పాఠకుడు పోల్చుకుంటాడు.

కథ ముందుకు పోయేకొద్దీ ఈ అలవాట్లు కొద్దిగా కదలాలి. కోపం వచ్చినప్పుడు విజయ ఫోన్‌కి చెప్పదు, ఇంట్లో వాళ్లు వింటారని. వేలితో టైప్ చేస్తుంది. అప్పుడు ఆమె వాక్యాలు హఠాత్తుగా పొట్టివైపోతాయి. ఆ మార్పు చూసి అది రాత్రి అని, పక్కన ఎవరో పడుకుని ఉన్నారని తెలుస్తుంది.

బయటి నుంచి ఒక దెబ్బ

పని మెసేజ్‌లు ఎన్ని పెట్టినా మనుషులు వాటంతట అవే దగ్గరవ్వరు. జూలై, ఆగస్టులు కాగితాలతో గడిచిపోతాయి. వాటిని మూడు నాలుగు మెసేజ్‌లతో దాటేయండి. ఇప్పుడు వాళ్ల చేతిలో లేని సంఘటన ఒకటి రావాలి. నిజంగా జరిగినదైతే తేదీలు మీరు కల్పించనక్కర్లేదు, పాఠకుడికీ గుర్తుంటుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. విజయను అక్కడ పెట్టింది అందుకే.

సెప్టెంబరు 1, ఆదివారం

> సుధ (ఉదయం 9:20): టీవీలో సింగ్‌నగర్ చూపిస్తున్నారు
> సుధ (9:20): నీళ్లు మీ వైపు వచ్చాయా
> సుధ (11:05): ఫోన్ కలవట్లేదు
> సుధ (మధ్యాహ్నం 3:48): అక్కా
> సుధ (3:48): ఒక్క టిక్కే పడుతోంది. చార్జింగ్ లేదా

సెప్టెంబరు 2, సోమవారం

> సుధ (ఉదయం 6:02): అక్కా

ఆరేళ్ల తర్వాత మొదటి "అక్కా" రావాల్సిన చోటు ఇదే. అవతల వినే మనిషి లేని సమయంలో రావాలి. విజయ చూస్తుండగా అనాలంటే సుధకు పౌరుషం అడ్డొస్తుంది. ఫోన్ ఆగిపోయి, మెసేజ్ అందని చోట అనగలదు. ఒక్క టిక్కు అంటే మెసేజ్ వెళ్లింది కానీ అవతలి ఫోన్‌కి చేరలేదు. పాఠకులందరికీ తెలిసిన గుర్తు అది. అందుకే ఇక్కడ వర్ణన అక్కర్లేదు, సుధ భయపడిందని మీరు రాయనూ అక్కర్లేదు.

చాలామంది ఇక్కడే పొరపడతారు. వరద వచ్చింది, భయపడింది, "అక్కా" అంది, కాబట్టి ఇద్దరూ ఏడ్చి కలిసిపోయారని ముగించేస్తారు. ఆపద మనుషుల్ని ఒక రోజుకి దగ్గర చేస్తుంది. నీళ్లు తీసిన తర్వాత పాత కోపం అక్కడే ఉంటుంది. అసలు గొడవ ఇంకా బయటికి రాలేదు. ఆ గొడవను వరదే బయటికి తేవాలి.

సెప్టెంబరు 3, మంగళవారం

> విజయ (సాయంత్రం 5:30): ఇప్పుడే చార్జింగ్ దొరికింది అందరం బాగానే ఉన్నాం మేడ మీద ఉన్నాం కింద నడుము లోతు నీళ్లు
> విజయ (5:31): [ఫొటో]
> విజయ (5:31): మిషన్ హెడ్డు ఒక్కటే పైకి తేగలిగాం స్టాండు నీళ్లలోనే ఉండిపోయింది

ఫొటోను వర్ణించకండి. తర్వాతి మాటే వర్ణన. ఇంటికి నీళ్లు వస్తుంటే విజయ పైకి తెచ్చుకున్న వస్తువుల్లో అది ఒకటి. కుట్టు మిషన్ తల ఇనప ముద్ద, బల్లకున్న స్క్రూలు విప్పి మోస్తేగానీ మెట్లెక్కదు. చెల్లెలికి సంతోషం కలిగించాలని విజయ ఆ మాట చెప్పలేదు. అలిసిపోయి, దాచాల్సిన సంగతి మరిచిపోయి చెప్పేసింది. గుట్టు బయటపడేది ఇలా నోరు జారినప్పుడే.

గొడవ: ఒక్కసారే, గట్టిగా

అదే రోజు రాత్రి.

> సుధ (11:52): అది నీ దగ్గరుందా
> సుధ (11:52): సామానంతా ఇచ్చేశాం అన్నావు
> సుధ (11:53): ఆ రోజు నేను అడిగింది అదొక్కటే
> విజయ (12:20): అప్పుడు నీకివ్వాలనిపించలేదు
> సుధ (12:21): ఎందుకు
> విజయ (12:36): నాలుగేళ్లు మంచం పక్కన నేనున్నా
> విజయ (12:37): నువ్వు సెలవులకి వచ్చి రెండు జాకెట్లు కుట్టి వెళ్లేదానివి
> విజయ (12:37): నెలంతా అవే అందరికీ చూపించేది. సుధ కుట్టింది అని
> విజయ (12:44): నా చేత్తో అన్నం తింటూ

ఇందులో విజయ చెప్పినవన్నీ సుధకు కొత్త. తల్లి జాకెట్లు చూపించి మురిసిపోయిందని సుధకు తెలియదు, తను వెళ్లాక జరిగింది కదా. అది అక్కకు ఎలా గుచ్చుకుందో అసలే తెలియదు. గొడవలో ఇద్దరికీ తెలిసిన పాత లెక్కలు తిప్పితే అరుపులు మిగులుతాయి. అవతలివాళ్లకు తెలియనిది ఒక్కటి బయటపడితే ఆ గొడవతో కథ ముందుకు కదులుతుంది. విజయ ఇక్కడ వేలితో టైప్ చేస్తోంది, వాక్యాలు ఎలా కురచగా మారాయో చూడండి. చివరి మెసేజ్‌కి ఏడు నిమిషాలు పట్టింది. ఆ రాత్రి విజయ పెట్టినవాటిలో అన్నిటికంటే చిన్నదీ అదే.

సుధ బదులివ్వదు. ఇవ్వనివ్వకండి. ఇక్కడ సుధ చేత సారీ చెప్పిస్తే తల్లి మెచ్చుకోవడం సుధ చేసిన తప్పు అయిపోతుంది, అది కాదు. విజయ చేత చెప్పిస్తే ఆరేళ్ల అబద్ధం ఒక్క ముక్కతో తీరిపోయినట్టు ఉంటుంది. ఇద్దరికీ ఆ రాత్రి చెప్పడానికేమీ మిగల్లేదు.

ఖాళీ రోజులను తేదీతో చూపించండి

గొడవ తర్వాత సెప్టెంబరు అంతా, అక్టోబరు అంతా ఏమీ లేదు. తర్వాతి మెసేజ్ దీపావళి రోజున, అక్టోబరు 31న, విజయ పంపిన శుభాకాంక్షల బొమ్మ. ఫార్వర్డ్ అన్న గుర్తుతో, అందరికీ పంపేదే. సుధ చూసింది, బదులివ్వలేదు. ఈ ఎనిమిది వారాల గురించి ఒక్క మాట రాయకండి. రెండు తేదీల మధ్య ఒక గీత చాలు.

ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇళ్లలో పండగ ఫార్వర్డ్ చాలా పని చేస్తుంది. "నీకే పంపలేదు, అందరికీ పంపాను" అని చెప్పుకునే వీలు పంపినవాళ్లకు ఉంటుంది. బదులివ్వకుండా ఊరుకునే వీలు అందుకున్నవాళ్లకూ ఉంటుంది. తలుపు తీసే ఉందని తెలపడానికి అంతకంటే తక్కువ ఖర్చు మార్గం లేదు. అయితే కథ మొత్తంలో ఇది ఒక్కసారే వాడండి.

ఖాళీలన్నీ ఒకే పొడవు ఉండకూడదు. మొదట్లో మూడు రోజులు, మూడున్నర వారాలు. గొడవ తర్వాత ఎనిమిది వారాలు. ఆ తర్వాత రోజులు, ఆఖర్న నిమిషాలు. కథ రాసేముందు ఒక కాగితం మీద తేదీలు మాత్రం వేసుకుని, మధ్య దూరాలు చూసుకోండి. దూరాలు వరసగా తగ్గుతూ పోతుంటే అది మరీ సాఫీగా ఉన్నట్టు. మధ్యలో ఒక పెద్ద ఖాళీ తప్పక ఉండాలి.

క్షమాపణ పని రూపంలో రావాలి

నవంబరు 9, శనివారం

> విజయ (ఉదయం 11:15): మిషన్ రిపేరు అతను వచ్చాడు బెల్టు కుళ్లిపోయింది కొత్తది వేయించాను హెడ్డుకి నూనె పెట్టి తుప్పు దులిపాడు తిరుగుతోంది
> విజయ (11:16): స్టాండు మాత్రం పనికిరాదంట చెక్క ఉబ్బిపోయింది
> సుధ (11:58): ఇక్కడ దొరుకుతాయి స్టాండులు
> సుధ (11:58): హెడ్డు అడుగు భాగం కొలత కావాలి. పొడవు, వెడల్పు
> విజయ (మధ్యాహ్నం 12:04): టేపు ఎక్కడ పెట్టానో వెతుకుతా ఉండు

బెల్టు మార్పించడం విజయ చెప్పిన క్షమాపణ. దాచిన వస్తువును బాగుచేయించి, బాగైందని చెబుతోంది. సుధ దాన్ని అందుకుని తిరిగి ఒక పని అప్పగించింది: కొలత పంపమని. ఇంతవరకు పనులన్నీ బ్యాంకు పెట్టినవి. ఇది వాళ్లకు వాళ్లు కల్పించుకున్న మొదటి పని. కథ మలుపు తిరిగింది ఇక్కడ. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ మిషన్ చివరికి ఎవరింట్లో ఉండాలని ఇద్దరూ అడగలేదు. ఆ ప్రశ్నను చివరిదాకా తేల్చకండి. తేల్చారంటే అది మళ్లీ వాటాల కథ అయిపోతుంది.

కొలతలు, ఫొటోలు, దుకాణం అడిగిన ధర, దాని మీద చిన్న వాదన, ఇవన్నీ డిసెంబరు దాకా సాగనివ్వండి. వీటిలో హాస్యం దానంతట అదే వస్తుంది. టేపు దొరక్క విజయ జానలతో కొలిచి పంపితే, "ఎవరి జాన?" అని సుధ అడుగుతుంది. పేజీ బరువు అక్కడ కాస్త తగ్గాలి. "నువ్వు" కూడా రెండు వైపులా మామూలుగా వచ్చేయాలి, ఎక్కడ మొదలైందో మీకు కూడా గుర్తుండనంత సహజంగా.

ఎదురుపడినప్పుడు మెసేజ్‌లుండవు

ఇది ఈ రూపానికున్న హద్దు. ఇద్దరూ ఒకచోట ఉంటే ఫోన్‌తో పని లేదు. అంటే పాఠకుడు ఎక్కువగా ఎదురుచూసే ఘట్టం, అక్కచెల్లెళ్లు ఎదురుపడే ఘట్టం, మీరు రాయలేరు. కొందరు భయపడి అక్కడ మామూలు కథనంలోకి దిగిపోతారు. నాకది నచ్చదు. అంతదాకా పాఠకుడు నమ్మిన పద్ధతిని అసలైన చోట వదిలేయడం అది. ఆ ఘట్టానికి ముందు ఒకటి, తర్వాత ఒకటి పెట్టి మధ్యలో గంటలు వదలండి. సంక్రాంతి సెలవులు అయ్యాక, తెనాలి బ్యాంకు దగ్గర:

2025 జనవరి 17, శుక్రవారం

> సుధ (ఉదయం 10:51): బ్యాంకు ముందున్నా
> విజయ (10:51): లోపలికి రా టోకెన్ తీసుకున్నా 14
> విజయ (సాయంత్రం 6:40): బస్సెక్కావా
> సుధ (6:41): ఎక్కా. కిటికీ సీటు
> సుధ (6:43): అన్నం ఎక్కువ పెట్టావు. కదల్లేకపోతున్నా

బ్యాంకులో సంతకం పెట్టే పని గంటలో తెమిలేది. ఆరు గంటల సాయంత్రం దాకా ఇద్దరూ కలిసే ఉన్నారు. పోయినసారి సంతకం పెట్టి తినకుండా వెళ్లిన చెల్లెలు ఈసారి తిని వెళ్లింది. అది రిజిస్ట్రేషన్ రోజుకి జవాబు. ఇది పనిచేయాలంటే మొదటి సగంలో ఎక్కడో ఆ రోజు సుధ తినకుండా వెళ్లిందని పాఠకుడికి తెలిసి ఉండాలి. విజయ చేత జూలైలోనే "అప్పుడు వండిందంతా పారబోశాను" అని ఒక మాట అనిపించి పెట్టుకోండి.

ముగింపు

బ్యాంకు పని అయిపోయింది. స్టాండు సింగ్‌నగర్ చేరింది. ఇక మెసేజ్ పెట్టడానికి కారణం లేదు. ఒక వారం ఏమీ ఉండదు. పాఠకుడికి చిన్న అనుమానం రావాలి, పని తీరింది కాబట్టి మళ్లీ దూరమవుతారేమోనని. అప్పుడు:

జనవరి 28, మంగళవారం. అక్క

> సుధ (ఉదయం 11:10): ఏం కూర?
> విజయ (11:12): దొండకాయ నువ్వు

ఇక్కడ ఆపండి. "నాకు ఆఫీసు క్యాంటీనే" అని సుధ చేత చెప్పించాలని మనసు లాగుతుంది. వద్దు. తల్లి ఫొటోకి దండ, మిషన్ మీద కుట్టిన కొత్త జాకెట్ లాంటివి కూడా వద్దు. పని లేని మెసేజ్ వచ్చింది, దానికి రెండు నిమిషాల్లో ప్రశ్నతో జవాబు వచ్చింది. కథకు కావాల్సింది అంతే.

పంపే ముందు సరిచూసుకోవాల్సినవి

చిత్తుప్రతిని మరొకరితో కలిసి పైకి చదవండి. విజయను ఒకరు, సుధను ఒకరు. తేదీ, టైము కూడా పైకి చదవాలి. చదువుతున్న మనిషి తన మెసేజ్ పలికే ముందు నవ్వినా, ఆగినా, అక్కడ కథ పనిచేస్తోందని గుర్తు. "ఇలా ఎవరంటారు?" అని అడిగితే ఆ వాక్యం పాఠకుడి కోసం రాసిందన్నమాట, పైన చెప్పిన పరీక్ష మళ్లీ పెట్టండి.

తర్వాత పేర్ల మీద కాగితం పెట్టి కప్పి, ఏ మెసేజ్ ఎవరిదో మూడో మనిషిని అడగండి. పదింటికి రెండు మూడు తప్పు చెబితే ఫర్వాలేదు. సగం తప్పు చెబితే ఇద్దరి అలవాట్లు కలిసిపోయాయి, విజయ వాక్యాల్లో చుక్కలు చొరబడ్డాయేమో చూడండి. తేదీలన్నిటినీ క్యాలెండర్‌తో సరిపోల్చుకోండి. ఆదివారం నాడు బ్యాంకులో టోకెన్ ఇచ్చారంటే ఎంత మంచి కథైనా అక్కడ తూలిపోతుంది.

పత్రికకు పంపేటప్పుడు ఒకరి మెసేజ్‌లు కుడివైపు, ఇంకొకరివి ఎడమవైపు పెట్టొద్దు. అచ్చులో ఆ అమరిక నిలవదు, అంతా ఒక పక్కకు చేరిపోయి ఎవరిదేదో తెలియకుండా పోతుంది. పేరు, బ్రాకెట్‌లో టైము, కోలన్, మెసేజ్. తేదీ మాత్రం విడిగా ఒక లైను. ఫొటో ఉన్నచోట [ఫొటో] అని, డిలీట్ చేసినచోట [డిలీట్ చేసిన మెసేజ్] అని రాసి, ఈ గుర్తులు ఇలాగే ఉంచమని సంపాదకుడికి పైన ఒక లైను రాయండి.